సివిల్స్ ఫారంలో ఆ నాలుగు గడులు

సివిల్స్ మెయిన్స్ రాసే అభ్యర్థి చేతికి వచ్చే జవాబు పుస్తకం మీద కొన్ని సూచనలు అచ్చయి ఉంటాయి. అడ్మిట్ కార్డులో ఏ మాధ్యమానికి అనుమతి ఉందో ఆ మాధ్యమంలోనే జవాబులు రాయాలనీ, మరో భాషలో రాసిన జవాబుకు మార్కులు వేయరనీ అందులో ఒకటి చెబుతుంది. తక్కువ వేస్తామని కాదు, అసలు వేయమని. ఆ సూచన చదివే వేళకు అభ్యర్థి చేతిలో చేయగలిగిందేమీ ఉండదు. ఏ భాషలో రాయాలో అంతకు చాలా నెలల ముందు, ఆన్‌లైన్ ఫారంలోని ఒక డ్రాప్‌డౌన్ గడిలో తేలిపోయింది.

2025 పరీక్షనే తీసుకుందాం. నోటిఫికేషన్ జనవరి 22న వచ్చింది. గడువు రెండుసార్లు పొడిగించాక దరఖాస్తులు ఫిబ్రవరి 21న ముగిశాయి. తప్పులు దిద్దుకోవడానికి 22 నుంచి 28 వరకు ఒక వారం ఇచ్చారు. మే 25న ప్రిలిమ్స్, ఆగస్టు 22న మెయిన్స్ మొదలు. అంటే మెయిన్స్ ఏ భాషలో, ఏ ఆప్షనల్‌తో రాయాలన్న మాట దాదాపు ఆరు నెలల ముందే ఖాయమైపోయింది. చాలామంది అప్పటికి ప్రిలిమ్స్ పుస్తకాల్లో తలమునకలై ఉంటారు. మెయిన్స్ సంగతి తర్వాత చూద్దామనుకుంటూనే, ఆ సంగతిని తేల్చేసే గడులను రెండు నిమిషాల్లో నింపేస్తారు.

ఆ గడులు ముఖ్యంగా నాలుగు. పేపర్ ‘ఎ’ అనే భారతీయ భాషా పరీక్ష ఏ భాషలో రాస్తారు? ఆప్షనల్ సబ్జెక్టు ఏది? వ్యాసం, జనరల్ స్టడీస్ పేపర్లు ఏ మాధ్యమంలో? ఆప్షనల్ పేపర్లు ఏ మాధ్యమంలో? విడివిడిగా చూస్తే నాలుగూ తేలిక ప్రశ్నలే. చిక్కంతా ఒకదాన్ని మరొకటిగా పొరబడటంలోనూ, ఒకదాని ప్రభావం ఇంకోదాని మీద పడుతుందని తెలియకపోవడంలోనూ ఉంది.

మొదటి గడితో మొదలుపెడదాం. పేపర్ ‘ఎ’కి 300 మార్కులు. పదో తరగతి స్థాయి. ఒక వ్యాసం, ఒక గద్యభాగం చదివి జవాబులు, సంక్షిప్తీకరణ, ఇంగ్లిషు నుంచి ఆ భాషలోకీ ఆ భాష నుంచి ఇంగ్లిషులోకీ అనువాదం, కొంత వ్యాకరణం, పదజాలం అడుగుతారు. ఈ మార్కులు ర్యాంకులో కలవవు. కానీ ఇందులోనూ, పేపర్ ‘బి’ అనే ఇంగ్లిషు పరీక్షలోనూ 25 శాతం చొప్పున, అంటే 75 మార్కులు తెచ్చుకోకపోతే మిగతా ఏడు పేపర్లను లెక్కలోకి తీసుకోరు. అరుణాచల్ ప్రదేశ్, మణిపూర్, మేఘాలయ, మిజోరం, నాగాలాండ్, సిక్కిం రాష్ట్రాల అభ్యర్థులకు పేపర్ ‘ఎ’ నుంచి మినహాయింపు ఉంది. తెలుగు రాష్ట్రాల వారికి లేదు.

ఎనిమిదో షెడ్యూల్లోని 22 భాషల్లో ఏదైనా ఎంచుకోవచ్చు. మాతృభాషే అయి ఉండాలన్న నియమం లేదు. ఆంధ్ర, తెలంగాణల్లో పెరిగి బడిలో తెలుగు చదువుకున్నవారికి ఇక్కడ పెద్ద ఆలోచన అక్కర్లేదు. బెంగళూరులోనో చెన్నైలోనో ఢిల్లీలోనో పెరిగిన తెలుగువారి పిల్లల పరిస్థితి వేరు. ఇంట్లో గడగడా మాట్లాడతారు, సినిమాలు చూస్తారు. కలం పట్టి వంద మార్కుల వ్యాసం తెలుగు లిపిలో రాయమంటే ఒత్తుల దగ్గరే ఆగిపోతారు. అలాంటి వారికి బడిలో రాసి అలవాటైన కన్నడమో తమిళమో హిందీయో క్షేమం. పరీక్షించేది చేతిరాతను, నోటిమాటను కాదు.

అయితే ఈ గడికి ఇంటర్వ్యూతో ఒక ముడి ఉంది. 2011లో యూపీఎస్సీ ఇంటర్వ్యూ భాష నియమాలను సడలించింది. మెయిన్స్‌ను తెలుగు వంటి భారతీయ భాషలో రాసినవారు ఇంటర్వ్యూను అదే భాషలో గానీ, హిందీలో గానీ, ఇంగ్లిషులో గానీ ఇవ్వవచ్చు. మెయిన్స్‌ను ఇంగ్లిషులో రాసినవారు ఇంగ్లిషునో హిందీనో కోరవచ్చు, లేదా పేపర్ ‘ఎ’కి ఎంచుకున్న భాషను కోరవచ్చు. అంటే ఇంగ్లిషు మీడియంలో రాసే అభ్యర్థికి తెలుగులో ఇంటర్వ్యూ ఇచ్చే దారి మొదటి గడిలోనే తెరుచుకుంటుంది. సులువుగా గట్టెక్కవచ్చని అక్కడ హిందీ పెట్టేసినవారికి ఆ దారి మూసుకుపోతుంది. తెలుగులో ఇంటర్వ్యూ ఇవ్వాలన్న కోరిక లేనివారికి దీనితో నష్టం లేదు. ఉన్నవారు మాత్రం ఫిబ్రవరిలోనే దీన్ని గుర్తుపెట్టుకోవాలి.

ఇక ఆప్షనల్. రెండు పేపర్లు, ఒక్కోదానికి 250 చొప్పున 500 మార్కులు. రాతపరీక్షలో ర్యాంకుకు కలిసే మొత్తం 1750 కాబట్టి నాలుగో వంతుకు పైమాటే. 2013కు ముందు మెయిన్స్‌లో రెండు ఆప్షనల్స్ ఉండేవి, ఒకటి దెబ్బతీసినా రెండోది ఆదుకునేది. ఇప్పుడు ఉన్నది ఒక్కటే. వ్యవసాయ శాస్త్రం నుంచి జువాలజీ దాకా 25 సబ్జెక్టులు, ఇంగ్లిషుతో కలిపి 23 భాషల సాహిత్యాలు జాబితాలో ఉన్నాయి.

డిగ్రీలో చదివిన సబ్జెక్టే తీసుకోవాలన్న నిబంధన లేదు. 2017 పరీక్షలో దేశంలో మొదటి ర్యాంకు తెచ్చుకున్న మెట్‌పల్లి యువకుడు దురిశెట్టి అనుదీప్ ఇంజినీరింగ్ చదివి ఆంత్రోపాలజీ ఆప్షనల్‌గా రాశారు. అంతకు ముందు ఏడాది, 2016 పరీక్షలో, మూడో ర్యాంకు సాధించిన శ్రీకాకుళం జిల్లాకు చెందిన రోణంకి గోపాలకృష్ణ ఆప్షనల్ తెలుగు సాహిత్యం. ఈ ఇద్దరి పేర్లూ కోచింగ్ సెంటర్లలో తరచూ వినిపిస్తాయి. వారిని చూసి ఆ సబ్జెక్టు తీసేసుకున్నవారూ ఉన్నారు, సిలబస్ తెరిచి చూడకుండానే.

తెలుగు సాహిత్యం సిలబస్ చూస్తే ఆ తొందర ఎక్కడ దెబ్బతీస్తుందో తెలుస్తుంది. మొదటి పేపర్లో సగం భాషాశాస్త్రం, అంటే ద్రావిడ భాషల్లో తెలుగు స్థానం, శబ్ద పరిణామం, అర్థ పరిణామం, మాండలికాలు, వ్యావహారిక భాషోద్యమం. మిగతా సగం సాహిత్య చరిత్ర. రెండో పేపర్లో పాఠ్యగ్రంథాలు. నన్నయ దుష్యంత చరిత్ర, తిక్కన శ్రీకృష్ణ రాయబారం, శ్రీనాథుడి గుణనిధి కథ, పింగళి సూరన సుగాత్రీ శాలీనుల కథ, మొల్ల రామాయణం బాలకాండ, కాసుల పురుషోత్తమ కవి ఆంధ్రనాయక శతకం ఒక వైపు. గురజాడ, విశ్వనాథ, కృష్ణశాస్త్రి, శ్రీశ్రీ, జాషువా, సినారె, కనుపర్తి వరలక్ష్మమ్మ, ఆత్రేయ, రావిశాస్త్రి రచనలు మరో వైపు. శ్రీశ్రీ అంటే ప్రాణమని తెలుగు ఆప్షనల్ పెట్టినవారు నన్నయ పద్యాన్ని సందర్భంతో వివరించాల్సి వస్తుందని, ధ్వనుల మార్పు మీద పేజీలు రాయాల్సి వస్తుందని గడి నింపక ముందే తెలుసుకోవాలి. పద్యం చదివి అర్థం చేసుకునే అలవాటున్నవారికి ఇదే సిలబస్ చేతికందిన వరం.

మాధ్యమం ముచ్చట ఇక్కడి నుంచే మొదలవుతుంది. సాహిత్యం ఆప్షనల్ అయితే సాధారణంగా జవాబులు ఆ భాషలోనే రాయాలి. తెలుగు సాహిత్యానికి తెలుగే, అందులో వేరే ఎంపిక లేదు. కానీ దాని అర్థం మెయిన్స్ మొత్తం తెలుగులో రాయాలని కాదు. వ్యాసం, నాలుగు జనరల్ స్టడీస్ పేపర్లను ఇంగ్లిషులో రాస్తూ ఆప్షనల్ తెలుగు సాహిత్యం తీసుకోవచ్చు. దీనికి తలకిందులుగా ఇంకో దారి కూడా ఉంది. వ్యాసం, జనరల్ స్టడీస్ తెలుగులో రాస్తూ ఆంత్రోపాలజీనో భూగోళ శాస్త్రాన్నో మాత్రం ఇంగ్లిషులో రాయవచ్చు. నాలుగో గడి ఉన్నది ఇందుకే. తెలుగు మీడియం పెడితే ఆప్షనల్‌కు తెలుగులో పుస్తకాలు దొరకవని వెనకాడేవారిలో చాలామందికి ఈ వెసులుబాటు ఉందనే తెలియదు.

తెలుగు మాధ్యమం ఎంచుకునేవారు ముందే తెలుసుకోవాల్సింది మరొకటి. ప్రశ్నపత్రం తెలుగులో రాదు. భాషా పేపర్లు, సాహిత్యం పేపర్లు తప్పిస్తే మిగతావన్నీ హిందీ, ఇంగ్లిషుల్లోనే అచ్చవుతాయి. ప్రిలిమ్స్ కూడా అంతే. ఇంగ్లిషు ప్రశ్న చదివి, అందులోని మెలిక పట్టుకుని, మనసులో తెలుగులోకి మార్చుకుని రాయాలి. సాంకేతిక పదాల దగ్గర తెలుగు మాట రాసి పక్కన బ్రాకెట్లో ఇంగ్లిషు మాట ఇవ్వడానికి నియమాలు ఒప్పుకుంటాయి. ‘ద్రవ్యలోటు’ అని రాసి ఫిస్కల్ డెఫిసిట్ అని ఇంగ్లిషు అక్షరాల్లో చేర్చవచ్చన్నమాట. ఆ వెసులుబాటు పదానికే. వాక్యాలకు వాక్యాలు ఇంగ్లిషులో రాస్తే వాటికి మార్కులు రావు.

ఎవరికి ఏ మాధ్యమం నప్పుతుందో ఊహతో తేల్చుకోనక్కర్లేదు, గడియారం పెట్టుకుని చూసుకోవచ్చు. జనరల్ స్టడీస్ మొదటి మూడు పేపర్లలో ఒక్కోదానిలో మూడు గంటలకు 20 ప్రశ్నలు. పది మార్కులవి పది, ఒక్కోదానికి 150 మాటలు. పదిహేను మార్కులవి మరో పది, ఒక్కోదానికి 250 మాటలు. చిన్నదానికి ఏడు నిమిషాలు, పెద్దదానికి పదకొండు నిమిషాలు వేసుకుంటే సరిగ్గా 180 నిమిషాలు.

ఒక అభ్యర్థిని ఊహించుకుందాం. పార్వతీపురం దగ్గరి పల్లెలో పదో తరగతి దాకా తెలుగు మీడియం, ఆ తర్వాత ఇంటర్, ఇంజినీరింగ్ ఇంగ్లిషులో. ఆంత్రోపాలజీ మీద మనసు. మీడియం తెలుగా ఇంగ్లిషా అన్న చోట ఆగింది. యూపీఎస్సీ వెబ్‌సైటులో పాత ప్రశ్నపత్రాలు ఉంటాయి. అందులోంచి రాజ్యాంగం మీద ఒక పది మార్కుల ప్రశ్న, ఆర్థిక వ్యవస్థ మీద ఒక పదిహేను మార్కుల ప్రశ్న తీసుకుని, గడియారం పెట్టుకుని తెలుగులో రాసింది. మర్నాడు అదే స్థాయి వేరే ప్రశ్నలకు ఇంగ్లిషులో రాసింది.

తెలుగు జవాబుల్లో వాక్యం చక్కగా నడిచింది. కానీ ఆమె చదివిన నోట్సు అంతా ఇంగ్లిషులో ఉంది. ‘జ్యుడీషియల్ రివ్యూ’కు ‘న్యాయ సమీక్ష’ వెంటనే తట్టింది, ‘క్రౌడింగ్ అవుట్’కు మాట కోసం వెతుక్కుంటూ ఒక నిమిషం పోయింది. పదకొండు నిమిషాలయ్యేసరికి 160 మాటల దగ్గర ఉంది. ఇంగ్లిషులో శైలి సాదాగా ఉన్నా 230 మాటలు పడ్డాయి, చెప్పదలిచిన అంశాలన్నీ వచ్చాయి. ఆమెకు ఇంగ్లిషు మీడియమే సరిపోతుందని తేలింది. అదే ప్రశ్నలను డిగ్రీ దాకా తెలుగులోనే చదివి, తెలుగు అకాడమీ పుస్తకాలతో నోట్సు రాసుకున్న మరో అభ్యర్థి రాస్తే ఫలితం తిరగబడవచ్చు.

ఇప్పుడు ఆమె ఫారం ఇలా ఉండాలి. పేపర్ ‘ఎ’ తెలుగు. ఆప్షనల్ ఆంత్రోపాలజీ. మాధ్యమం ఇంగ్లిషు. ఆప్షనల్ మాధ్యమం ఇంగ్లిషు. పేపర్ ‘ఎ’లో తెలుగు ఉంది కనుక రేపు ఇంటర్వ్యూ తెలుగులో ఇవ్వాలనిపిస్తే ఆ అవకాశమూ చేతిలో ఉంది.

ఇంత ఆలోచించి తేల్చుకున్నది కూడా నెట్ సెంటర్లో తారుమారు కావచ్చు. అక్కడ సంభాషణ మామూలుగా ఇలా ఉంటుంది.

“లాంగ్వేజ్ ఏది పెట్టమంటారు మేడమ్?”

“తెలుగే పెట్టన్నా.”

ఆమె చెప్పింది పేపర్ ‘ఎ’ గురించి. కీబోర్డు ముందున్నాయన రోజంతా రకరకాల ఉద్యోగాల ఫారాలు నింపుతుంటాడు. వాటిలో చాలావాటికి భాషకు సంబంధించిన గడి ఒక్కటే ఉంటుంది. ఆ అలవాటులో కింద మాధ్యమం గడి కనబడగానే అక్కడ కూడా తెలుగే పెట్టేస్తాడు. ఫారం ఎర్రగీత చూపించదు, ఎందుకంటే తెలుగు మాధ్యమం చెల్లుబాటయ్యే జవాబే. ఫోటో సైజు తప్పితే వ్యవస్థ ఆపుతుంది, ఫీజు కట్టకపోతే ఆపుతుంది. మీరు కోరింది ఇది కాదు కదా అని అడగడం దానికి చేతకాదు. ఈ తప్పును మనిషి కన్ను పట్టుకోవాల్సిందే.

రెండో తప్పు ఇంకా చిన్నది. భాషల జాబితా ఇంగ్లిషు అక్షర క్రమంలో ఉంటుంది కనుక Tamil వెంటనే Telugu వస్తుంది. డ్రాప్‌డౌన్ తెరిచి T అక్షరం నొక్కితే మొదట ఆగేది Tamil మీద. వేగంగా నింపేవారు అక్కడే ఎంటర్ కొట్టి కిందికి వెళ్లిపోతారు. సరిగా ఎంచుకున్నాక కూడా, ఆ గడి మీదే కర్సర్ ఉండగా పేజీ కిందికి జరుపుదామని బాణం గుర్తు మీట నొక్కితే ఎంపిక ఒక మెట్టు కిందికి జారి Urdu కావచ్చు. అందుకే ఒక గడి నింపగానే పేజీలో ఖాళీ చోట ఒకసారి క్లిక్ చేసి, ఆ తర్వాతే కిందికి జరపడం మంచి అలవాటు.

2025 మే చివర యూపీఎస్సీ కొత్త దరఖాస్తు పోర్టల్‌ను తెచ్చింది. అందులో ఖాతా తెరవడం, యూనివర్సల్ రిజిస్ట్రేషన్, కామన్ అప్లికేషన్ ఫారం, పరీక్షకు సంబంధించిన భాగం అని నాలుగు అంచెలు. మొదటి మూడూ అన్ని పరీక్షలకూ ఉమ్మడి, నోటిఫికేషన్ లేకపోయినా ఎప్పుడైనా నింపుకోవచ్చు. నాలుగోది నోటిఫికేషన్ వచ్చాకే తెరుచుకుంటుంది. ఒక పరీక్షకు మాత్రమే చెందిన ఎంపికలకు చోటు అదే. కాబట్టి పేరు, పుట్టిన తేదీ, సర్టిఫికెట్ల పని ముందుగానే ముగించుకుంటే, గడువు రోజుల్లో తీరికగా చూసుకోవడానికి మిగిలేది ఈ కాస్తే. చివరి రోజు సాయంత్రం సర్వర్ మొరాయిస్తుంటే నింపే ఫారంలో మాధ్యమం గడిని రెండోసారి చూసే ఓపిక ఎవరికీ ఉండదు.

సబ్మిట్ చేశాక వచ్చే పీడీఎఫ్‌ను దింపుకుని, స్క్రీన్ మీద కాకుండా కాగితం మీద చూసుకోవడం మేలు. ముందుగా ఒక తెల్లకాగితం మీద నాలుగు ఎంపికలూ రాసుకుని, దాన్ని పీడీఎఫ్ పక్కన పెట్టి వేరొకరి చేత చదివించుకుంటే ఇంకా మంచిది. నింపినవారి కంటికి తాము కోరుకున్నదే కనబడుతుంది, అక్కడ ఉన్నది కాదు. తేడా కనబడితే దిద్దుకునే వారం ఉన్న ఏడాదిలో ఆ వారంలోనే సరిచేయాలి. ఆ వారం ఎప్పుడు మొదలై ఎప్పుడు ముగుస్తుందో, ఏ గడులు మార్చనిస్తారో ఆ ఏడాది నోటిఫికేషన్లోనే ఉంటుంది, కిందటేడు రాసిన స్నేహితుడి మాట చాలదు. రిజిస్ట్రేషన్ వివరాలకు నియమాలు వేరు, పరీక్ష ఫారం వివరాలకు వేరు.

రాష్ట్ర స్థాయి గ్రూప్-1లో లెక్క కొంత సులువు. ఆంధ్రప్రదేశ్‌లో గానీ తెలంగాణలో గానీ ఇప్పుడు మెయిన్స్‌లో ఆప్షనల్ సబ్జెక్టు లేదు. మాధ్యమం మాత్రం ఎంచుకోవాలి. ఏపీలో తెలుగు లేదా ఇంగ్లిషు, తెలంగాణలో వాటితో పాటు ఉర్దూ కూడా. తెలంగాణలో జనరల్ ఇంగ్లిషు పేపర్ మినహా మిగతావన్నీ ఒకే మాధ్యమంలో రాయాలి, ఒక పేపర్ తెలుగులో ఇంకోటి ఇంగ్లిషులో కుదరదు. సివిల్స్‌లో ఆప్షనల్‌కు వేరే మాధ్యమం పెట్టుకునే వెసులుబాటు చూసి ఇక్కడా అలాగే అనుకుంటే పొరపాటు. రెండు పరీక్షలకూ ఒకేసారి చదివేవారు ఒక ఫారంలో పెట్టింది చూసి రెండోదాంట్లో గుడ్డిగా పెట్టేయడమూ ప్రమాదమే.

దిద్దుబాటు వారం దాటాక తప్పు బయటపడితే? మాధ్యమం, ఆప్షనల్ మార్చమని రాసే అర్జీలను కమిషన్ పట్టించుకోదు. అప్పుడు మిగిలేవి రెండు దారులు. అనుమతి ఉన్న మాధ్యమంలోనే రాయడానికి సాధన మొదలుపెట్టడం ఒకటి. తెలుగు మీడియంలో చదివి వచ్చినవారికి, ఆరు నెలల వ్యవధి ఉంటే, ఇది అసాధ్యమేమీ కాదు. తప్పు ప్రిలిమ్స్‌కు ముందే కనబడి, ఆ మాధ్యమంలో గానీ ఆ ఆప్షనల్‌తో గానీ ఎలాగూ రాయలేమని తేలితే రెండో దారి ఉంది. దరఖాస్తు చేసినంత మాత్రాన అది ఒక ప్రయత్నం కింద లెక్కకు రాదు. ప్రిలిమ్స్‌లో ఒక్క పేపర్‌కు హాజరైనా లెక్కకు వస్తుంది. జనరల్ అభ్యర్థికి ఉన్నవి ఆరు ప్రయత్నాలు, ఓబీసీలకు తొమ్మిది. ఆ ఉదయం పరీక్ష హాలుకు వెళ్లకపోతే పోయేది ఒక ఏడాది, ఫీజు వర్తించేవారికి వంద రూపాయలు. ప్రయత్నాల లెక్క అలాగే ఉంటుంది. ఎస్సీ, ఎస్టీ అభ్యర్థులకు వయోపరిమితి తప్ప ప్రయత్నాలకు పరిమితి లేదు కాబట్టి, వారు ప్రిలిమ్స్‌ను సాధన కోసం రాసి చూసినా ఆ లెక్కలో నష్టపోయేదేమీ లేదు.